నాలుగేళ్లుగా ఉన్న కుటుంబానికి బాడుగ పెంపు లెటర్: కారణాలు, అంకె, తేదీ

ప్రశ్న: మాది తిరుపతి బైరాగిపట్టెడ. కింద మేముంటాం, మేడ మీద టూ బీహెచ్‌కే బాడుగకు ఇచ్చాం. 2021 జూన్ 1న 11 నెలలకు అగ్రిమెంట్ రాసుకున్నాం, మళ్లీ రాయలేదు. బాడుగ 8,000, నెల గడిచాక 5వ తేదీలోపు ఇస్తారు. మోటరు కరెంటుకు 200 వేరే. అడ్వాన్స్ 30,000. ఆయన ప్రైవేటు కాలేజీలో లెక్చరర్, చాలా మంచివాళ్లు. ఇన్నేళ్లలో ఒక్క రూపాయి పెంచలేదు. ఇంటిపన్ను ఏడాదికి 3,600 ఉండేది, ఇప్పుడు 6,200. పోయిన ఏడాది మేడ లీకేజీకి వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తే 48,000, వాళ్ల వంటింట్లో కప్‌బోర్డులకు 35,000 అయింది. ఎదురింటి పైపోర్షన్ 11,000 పలుకుతోంది. వచ్చే నెల, అంటే మార్చి నుంచి 10,000 చేద్దామనుకుంటున్నా. మొహం మీద చెప్పాలంటే మొహమాటం. మర్యాదగా లెటర్ ఎలా రాయాలి? కారణాలు ఏం రాయాలి? ఎప్పటి నుంచి అని పెట్టాలి?

సమాధానం:

బాడుగ అగ్రిమెంట్లు రాయడం చాలా ఏళ్లుగా నా పని. మీలాంటి లెటర్లు పట్టుకొచ్చి సరిచేయమనేవాళ్లు ఏటా ఈ నెలల్లోనే ఎక్కువ. చాలామంది భాష గురించి టెన్షన్ పడతారు గానీ గొడవ వచ్చేది దాదాపు ఎప్పుడూ తేదీ దగ్గరే. అందుకని తేదీతోనే మొదలుపెడతాను.

మార్చి నుంచి వద్దు. మీ అగ్రిమెంట్ గడువు 2022 ఏప్రిల్ 30తో అయిపోయింది. ఆ తర్వాత వాళ్లు ఉంటూ, మీరు బాడుగ తీసుకుంటూ వచ్చారు కాబట్టి ఇప్పుడు అది నెలనెలా సాగే బాడుగ కింద లెక్క. ఇలాంటప్పుడు పెంపు అనేది మీరు ఒక్కరే కాగితం మీద రాసేస్తే అయిపోయే విషయం కాదు. మీరు అడుగుతున్నారు, వాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకోవడానికో, వేరే ఇల్లు వెతుక్కోవడానికో వాళ్లకు టైం ఇవ్వాలి. మన రాష్ట్రంలో 1960 నాటి పాత అద్దె నియంత్రణ చట్టం పోయి 2017లో కొత్త చట్టం వచ్చింది. కేంద్రం 2021లో రాష్ట్రాలకు ఒక నమూనా చట్టం కూడా ఇచ్చింది. పెంచిన బాడుగ అమలుకు మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలని ఆ నమూనాలో ఉంది. అది నమూనాయే అయినా మూడు నెలలు ఇచ్చిన ఓనరును ఎవరూ తప్పుపట్టలేరు, కాబట్టి నేను అందరికీ అదే చెబుతాను.

ఇప్పుడు క్యాలెండరు చూడండి. ఫిబ్రవరి 28లోపు లెటర్ వాళ్ల చేతికి అందితే మార్చి, ఏప్రిల్, మే మూడు నెలలు నిండుగా దొరుకుతాయి. అమలు తేదీ 2025 జూన్ 1. అదే మార్చి 3న ఇచ్చారనుకోండి, మూడు నెలలు జూన్ 3కి గానీ పూర్తికావు. వాళ్ల బాడుగ నెల ఒకటో తేదీనే మొదలవుతుంది కాబట్టి అమలు జూలై 1కి పోతుంది. మూడు రోజుల ఆలస్యానికి ఒక నెల పెంపు పోయినట్టు.

జూన్ 1 బాగుంటుందనడానికి ఇంకో కారణం ఉంది. అది చట్టంలో ఉండదు, మన ఊళ్లో మాత్రం అందరికీ తెలుసు. మార్చిలో ఇంటర్, టెన్త్ పరీక్షలు. లెక్చరర్ ఇంట్లో ఆ నెల బాడుగ మాట ఎత్తితే మంచి మాట కూడా చెడ్డగా వినిపిస్తుంది. మేలో సెలవులు, ఇల్లు మారాలనుకునేవాళ్లు మారేది అప్పుడే. 2025లో ఆషాఢం జూన్ 26న మొదలవుతోంది. ఆషాఢంలో మన దగ్గర పాలు పొంగించి కొత్తింట్లోకి వెళ్లేవాళ్లు తక్కువ. మీరు జూలై 1 అని పెడితే, వాళ్లకు పెంపు నచ్చకపోయినా కదలలేని నెలలో ఇరికించినట్టవుతుంది. జూన్ 1 అంటే పరీక్షలు అయ్యాక, ఆషాఢం రాకముందు. గంగ జాతర రోజులు పక్కన పెట్టినా వెతుక్కోవడానికి చాలినంత టైం ఉంటుంది.

తేదీలో ఇంకో చిక్కు ఉంది, దీన్ని మాత్రం జాగ్రత్తగా చదవండి. మీ వాళ్లు నెల గడిచాక ఇస్తారు. అంటే జూన్ 5న ఇచ్చేది మే నెల బాడుగ. లెటర్లో ఊరికే 'జూన్ నుంచి 10,000' అని రాస్తే, మీరు జూన్ 5న కొత్త బాడుగ వస్తుందని ఎదురుచూస్తారు. వాళ్లేమో 8,000 గూగుల్ పేలో వేసి ఊరుకుంటారు. ఇద్దరూ వాళ్ల లెక్కలో కరెక్టే. నేను చూసిన తగాదాల్లో సగం ఇలా ఒక నెల తేడా దగ్గర పుట్టినవే. ఏ నెలకు సంబంధించిన బాడుగ, అది ఏ తేదీలోపు చేతికొచ్చేది, రెండూ రాయాలి. కింద లెటర్లో ఎలా రాశానో చూడండి.

ఇక అంకె. అంతకంటే ముందు మీ పాత అగ్రిమెంట్ తీసి ఒకసారి చదవండి. కంప్యూటర్ సెంటర్లలో దొరికే మూసలో 'గడువు ముగిసిన పిమ్మట ఇంత శాతం పెంచి కొనసాగించవలెను' అని ఒక లైను చాలాసార్లు ఉంటుంది. ఉందని కూడా ఓనర్లకు గుర్తుండదు. అలా ఉంటే ఆ శాతమే మీ ఆధారం. కానీ పెంచకుండా వదిలేసిన గత ఏళ్ల తేడా ఇప్పుడు లెక్కగట్టి అడగకండి. పాత బాడుగే తీసుకుంటూ వచ్చారు కాబట్టి అది ముగిసిన కథ.

అలాంటి లైను లేదనుకుని లెక్కేద్దాం. మన వైపు అగ్రిమెంట్లలో నేను ఎక్కువగా రాసేది ఏడాదికి 5 శాతం. 8,000 మీద ఏటా 5 శాతం చొప్పున పెంచుకుంటూ వచ్చి ఉంటే 2022లో 8,400, 2023లో 8,820, 2024లో 9,261, ఈ జూన్‌కు 9,724 అయ్యేది. మీరు అనుకున్న 10,000 దీనికంటే ఎక్కువ. 9,500 దీనికంటే కొంచెం తక్కువ. నా సలహా 9,500. ఎందుకంటే, 'ఏటా అందరూ పెంచేంత కూడా మేము అడగడం లేదు' అని మీరు ధైర్యంగా చెప్పగలిగే అంకె అది. 10,000 అడిగితే ఆ మాట చెల్లదు. పైగా మీకు అదనంగా వచ్చేది నెలకు 500. దానికోసం వాళ్లు ఖాళీ చేసి పోర్షన్ ఒక్క నెల ఊరికే ఉన్నా 9,500 పోయినట్టే. ఆ పోయింది 500 చొప్పున రాబట్టుకోవడానికి 19 నెలలు పడుతుంది. రంగులు, బ్రోకరు ఖర్చు ఇందులో కలపలేదు.

ఒక్కసారిగా 1,500 భారం అనిపిస్తే ఈ జూన్ నుంచి 9,000, వచ్చే జూన్ నుంచి 9,700 అని రెండు మెట్లుగా కూడా అడగవచ్చు. కానీ అది లెటర్లో పెట్టకండి. వాళ్లు తగ్గించమని అడిగినప్పుడు ఇవ్వడానికి చేతిలో ఉంచుకోండి.

కారణాల దగ్గరికి వద్దాం. మీరు నాలుగు చెప్పారు. ఒక్కొక్కటి ఎంత బరువు మోస్తుందో చూస్తే ఏది ముందు రాయాలో, ఏది అసలు రాయకూడదో తెలుస్తుంది.

ఇంటిపన్ను నిజంగానే పెరిగింది. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో పట్టణాల ఇంటిపన్నును ఆస్తి విలువ ఆధారంగా లెక్కిస్తున్నారు. ఏడాదికి 15 శాతం మించకుండా పెంచుకుంటూ పోతున్నారు. 3,600 నాలుగుసార్లు 15 శాతం చొప్పున పెరిగితే దాదాపు 6,300 అవుతుంది, మీ 6,200 ఆ లెక్కకు సరిపోతోంది. అయితే పెరిగింది ఏడాదికి 2,600. అది కింద, పైన రెండు పోర్షన్లకు కలిపి. వాళ్ల వంతు 1,300, నెలకు చూస్తే 108 రూపాయలు. మీరు 'ఇంటిపన్ను పెరిగిన కారణంగా' అని మొదటి లైనులో రాసి 1,500 అడిగితే, ఆయన లెక్చరర్ కదా, మేడ ఎక్కేలోపే ఈ లెక్క వేసేస్తాడు. రాయండి, కానీ రెండో స్థానంలో, అంకెలతో సహా. రసీదు అడిగితే చూపించగలిగే కారణం అది.

వాటర్‌ప్రూఫింగ్ రాయకండి. 48,000 అయిందని మీకు బాధ ఉంటుంది, అర్థమవుతోంది. కానీ కారే పైకప్పు బాగు చేయించడం ఓనరు బాధ్యత. బాడుగ తీసుకుంటున్నదే వాన పడితే తడవని ఇల్లు ఇస్తున్నందుకు. పైగా ఆ లీకేజీలో బక్కెట్లు పెట్టుకుని ఉన్నది వాళ్లు. దాన్ని కారణంగా చూపిస్తే ఆ వానాకాలం వాళ్లకు గుర్తుచేసినట్టే. నేను చెప్పిన నమూనా చట్టంలో కూడా ఇల్లు మెరుగుపరచిన ఖర్చుకు బాడుగ పెంచుకోవచ్చని ఉంది గానీ అందులోంచి రిపేర్లను స్పష్టంగా తీసేశారు.

కప్‌బోర్డులు వేరు. అవి లేకపోయినా ఇల్లు ఇల్లే. చేయించాక వాళ్లకు రోజూ పనికొస్తున్నాయి. 35,000 ఖర్చు పదేళ్లు మన్నుతుందనుకుంటే ఏడాదికి 3,500, నెలకు 290 పైచిలుకు. నిజానికి ఇలాంటి పని చేయించే ముందే 'దీనికి బాడుగలో ఇంత కలుపుకుందామా' అని అడిగి ఉంటే ఇంకా బలంగా ఉండేది. ఇప్పుడు దాన్ని తోడు కారణంగా రాస్తే చాలు, ఖర్చు అంకె అక్కర్లేదు. ఓనర్లు పెట్టిన ఖర్చు రూపాయల్లో రాస్తే దెప్పినట్టు ఉంటుంది.

ఎదురింటి 11,000 సంగతి. అది మార్కెట్, నిజమే. కానీ ఆ ఇల్లు, మీ ఇల్లు ఒకటేనా? దానికి కారు పార్కింగ్ ఉందా, కార్పొరేషన్ నీళ్ల కనెక్షన్ వేరేగా ఉందా, రెండు బాత్రూములా? ఇవి కలవకపోతే ఆ పోలిక మీ మీదికే తిరుగుతుంది. లెటర్లో 'మన వీధిలో ఇలాంటి పోర్షన్ల బాడుగలు కూడా పెరిగాయి' అని ఒక్క వాక్యం చాలు. ఎదురింటివాళ్ల పేరు, అంకె కాగితం మీదికి ఎక్కించకండి. వాళ్లకూ మీకూ మాట వస్తుంది.

పన్ను 108, కప్‌బోర్డులు 290, కలిపితే 400. మీరు అడిగే 1,500లో మిగతా 1,100కి అసలు కారణం ఒక్కటే: నాలుగేళ్లుగా బాడుగ కదలలేదు. కాబట్టి దాన్నే ముందు పెట్టండి. మీరు దాన్ని కారణంగా చెప్పుకోవడానికి మొహమాటపడి పన్నులు, రిపేర్లు వెతుకుతున్నారు. ఎవరూ కాదనలేనిది అదొక్కటే. అయితే 'ఇన్నాళ్లూ పెంచకుండా మీకు సాయం చేశాం' అనే వాసన రాకూడదు. 'మార్చలేదు' అనండి, ఆగండి. మీ ఇంటి లోను, అమ్మాయి పెళ్లి, మందుల ఖర్చు లాంటివి కూడా వద్దు. మీ ఇబ్బందులు చెప్పుకుంటే వాళ్లు వాళ్ల ఇబ్బందులు చెబుతారు, అప్పుడు ఇక బాడుగ మాట ముందుకు పోదు.

భాష విషయంలో చెప్పేది కొంచెమే. 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా' దగ్గర మొదలై 'లేనియెడల ఖాళీ చేయవలసి యుండును' దగ్గర ముగిసే మూస ఒకటి తిరుగుతుంటుంది. దాన్ని ముట్టుకోకండి. అది కోర్టు నోటీసు భాష. పై మేడలో ఉన్నవాళ్లకు అలాంటి కాగితం ఇస్తే మెట్ల మీద ఎదురుపడినప్పుడు మొహం ఎక్కడ పెట్టుకుంటారు? ఖాళీ చేయమనే మాట ఈ లెటర్లో అసలు ఉండకూడదు. అవసరమైతే అది వేరే రోజు, వేరే కాగితం.

ఇదిగో, మీ వివరాలతో రాశాను. ఖాళీలు నింపుకోండి.

తిరుపతి,
తేదీ: 23-02-2025

గౌరవనీయులైన ............ గారికి,

నమస్కారం. బైరాగిపట్టెడలోని మా ఇంటి (డోర్ నంబరు ............) మొదటి అంతస్తు పోర్షన్‌లో మీరు 2021 జూన్ 1 నుంచి ఉంటున్నారు. బాడుగ ఎప్పుడూ వేళకు ఇస్తూ, ఇంటిని శుభ్రంగా చూసుకుంటున్నందుకు మా కృతజ్ఞతలు.

మీరు వచ్చినప్పుడు అనుకున్న నెల బాడుగ రూ. 8,000. దాన్ని ఇప్పటివరకు మార్చలేదు. వచ్చే మే 31కి నాలుగేళ్లు పూర్తవుతాయి. ఈ కాలంలో మొత్తం ఇంటికి ఇంటిపన్ను ఏడాదికి రూ. 3,600 నుంచి రూ. 6,200 అయింది. పోయిన ఏడాది మీ వంటగదిలో కప్‌బోర్డులు చేయించాము. మన వీధిలో ఇలాంటి పోర్షన్ల బాడుగలు కూడా పెరిగాయి. ఇవన్నీ చూసుకుని నెల బాడుగను రూ. 9,500 (అక్షరాలా తొమ్మిది వేల ఐదు వందల రూపాయలు) చేయాలనుకుంటున్నాము.

ఈ మార్పు 2025 జూన్ 1 నుంచి. అంటే జూన్ నెలకు గాను జూలై 5లోపు మీరు ఇచ్చే బాడుగతో మొదలవుతుంది. మే నెలకు గాను జూన్ 5లోపు ఇచ్చేది, దానికి ముందు నెలలవి, పాత లెక్క ప్రకారం రూ. 8,000 మాత్రమే.

మీరు ఇచ్చిన అడ్వాన్స్ రూ. 30,000 అలాగే ఉంటుంది, దాన్ని పెంచడం లేదు. మోటరు కరెంటుకు ఇస్తున్న రూ. 200లో కూడా మార్పు లేదు.

దీని గురించి మీ ఆలోచన మార్చి 31లోపు చెప్పగలరు. ఏదైనా మాట్లాడాలనుకుంటే కూర్చుని మాట్లాడుకుందాం. మీకు సమ్మతమైతే జూన్ 1 తేదీతో కొత్త అగ్రిమెంట్ రాసుకుందాం, ఆ ఖర్చు మేము పెట్టుకుంటాము. మీ కాలేజీలో ఇవ్వడానికి బాడుగ రసీదులు, ఇంటి ఓనరు పాన్ నంబరు కూడా ఇస్తాము.

ఇట్లు,
............
(ఇంటి ఓనరు)

ఈ లెటర్ ప్రతి నాకు అందింది.
సంతకం ............ తేదీ ............

ఇందులో రెండు మూడు చోట్ల ఎందుకు అలా రాశానో చెబుతాను.

చివర 'అందింది' అనే ఉంది, 'అంగీకరిస్తున్నాను' అని లేదు. చాలామంది ఓనర్లు తెలివిగా అంగీకారం మాట కూడా అక్కడే ఇరికిస్తారు. చదివిన మనిషి సంతకం పెట్టకుండా పక్కన పెట్టేస్తాడు, అప్పుడు మీకు అందిన రుజువు కూడా ఉండదు. మీకు ఈరోజు కావలసింది తేదీతో ఒక సంతకం. ఒప్పుకోవడం తర్వాతి మాట.

అడ్వాన్స్ పెంచడం లేదని విడిగా రాయడం అవసరం. మన ఊళ్లో బాడుగ పెరిగిందంటే వెంటనే వచ్చే భయం 'అడ్వాన్స్ కూడా పెంచమంటారేమో' అని. నమూనా చట్టంలో ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల బాడుగకు మించకూడదని ఉంది. మీ దగ్గర ఉన్నది ఇప్పటికే దానికంటే ఎక్కువ. ఆ మాట కదపకపోవడమే మేలు.

పాన్ నంబరు ఎందుకంటారా? ఇప్పటివరకు బాడుగ ఏడాదికి 96,000. ఉద్యోగి తన జీతంలో ఇంటద్దె కోసం వచ్చే హెచ్‌ఆర్‌ఏకు పన్ను మినహాయింపు అడిగేటప్పుడు ఏడాది బాడుగ లక్ష దాటితే ఓనరు పాన్ ఇవ్వాలి. ఇప్పుడు చూడండి: 2025-26లో ఏప్రిల్, మే రెండు నెలలు 8,000 చొప్పున 16,000, మిగతా పది నెలలు 9,500 చొప్పున 95,000, మొత్తం 1,11,000. లక్ష దాటింది. ఆయన పాత పన్ను విధానంలో ఉండి హెచ్‌ఆర్‌ఏ చూపించుకుంటుంటే మీ పాన్ లేకుండా ఆయన క్లెయిమ్ ఆగిపోతుంది. మీరు 1,500 పెంచడమే కాక ఆయనకు పన్ను కూడా పెంచినట్టవుతుంది. కొత్త విధానంలో ఉంటే దీనితో పని లేదు. ఇవ్వడానికి కొందరు ఓనర్లు జంకుతారు. బాడుగ ఆదాయంలో కట్టిన ఇంటిపన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు మీకు ఎలాగూ వస్తుంది, రిటర్నులో చూపించుకుంటే భయం లేదు. ఒక్కటి గమనించండి: ఇల్లు మీ ఆవిడ పేరు మీదో, అమ్మగారి పేరు మీదో ఉంటే లెటర్ మీద సంతకం, రసీదు, పాన్ అన్నీ వాళ్లవే ఉండాలి. పాత అగ్రిమెంట్లో ఓనరుగా ఎవరున్నారో వాళ్ల పేరుతోనే ఇవ్వండి.

లెటర్ ఇచ్చే తీరు. ఆదివారం పొద్దున పది పదకొండు గంటల మధ్య, వాళ్లు తీరిగ్గా ఉన్నప్పుడు మీ దంపతులిద్దరూ మేడ మీదికి వెళ్లండి. ముందు నోటితో చెప్పండి: 'సార్, నాలుగేళ్లయింది, జూన్ నుంచి బాడుగ కొంచెం సవరించుకుందామనుకుంటున్నాం. వివరం అంతా ఇందులో రాశాం, మీరూ మేడమ్ గారూ చూసుకుని నెలరోజుల్లో చెప్పండి.' అంతే. అంకె నోటితో చెప్పకపోయినా ఫర్వాలేదు, కాగితంలో ఉంటుంది. అక్కడికక్కడే జవాబు అడగకండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకటి వాళ్లకిచ్చి, రెండో దాని మీద అందినట్టు సంతకం పెట్టించుకోండి. ఆ సాయంత్రం లెటర్ ఫొటో ఆయనకు వాట్సాప్‌లో పంపండి, తేదీకి అది కూడా ఒక రుజువు. పోస్టులో పంపమని మీకు ఎవరైనా సలహా ఇస్తారు. చేతికి తీసుకోనంటేనో, సంతకం పెట్టనంటేనో అప్పుడు పంపవచ్చు. కింద పోర్షన్ నుంచి పై పోర్షన్‌కు ముందే పోస్టులో పంపితే మాటలు ఆగిపోయినట్టే అనుకుంటారు.

తర్వాత వాళ్లు ఏమనవచ్చు? ఎక్కువగా 'కొంచెం తగ్గించండి' అంటారు. అప్పుడు ఆ రెండు మెట్ల లెక్క తీయండి. 9,000 దగ్గర తెగితే, మీ కాపీ మీద, వాళ్ల కాపీ మీద 'మాట్లాడుకున్న మేరకు 2025 జూన్ నెల నుంచి రూ. 9,000' అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. నోటిమాటతో వదిలేస్తే లెటర్లో 9,500, చేతికి 9,000, ఏది నిజమో ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

జవాబే చెప్పకుండా ఊరుకుంటే? నమూనా చట్టం ప్రకారం పెంపు నోటీసు అందుకుని, ఖాళీ చేస్తామని కూడా చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. అయినా దాన్ని నమ్ముకుని కూర్చోకండి, ఏప్రిల్ మొదటివారంలో ఒకసారి అడగండి. జూలై 5న పాత 8,000 వేశారనుకోండి, తిరిగి పంపనక్కర్లేదు. తీసుకుని, 'జూన్ బాడుగలో భాగంగా రూ. 8,000 అందింది, రూ. 1,500 రావాలి' అని అదే రోజు మెసేజ్ పెట్టండి. ఏమీ అనకుండా మూడు నాలుగు నెలలు 8,000 తీసుకుంటూ పోతే, పెంపును మీరే వదులుకున్నారని వాళ్లు అనవచ్చు. ఆ మాటకు బలం కూడా ఉంటుంది.

మాట తెగకపోయినా మోటరు ఆపడం, కరెంటు ఫ్యూజు తీయడం లాంటి పనులు చేయకండి. మీరు చేయరని తెలుసు, కానీ ఇలాంటి సలహాలు ఇచ్చే బంధువు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. ఆ ఒక్క పనితో మీ పక్షాన ఉన్న న్యాయమంతా అటువైపు పోతుంది. వాళ్లు పెంచనంటే, మీరు 8,000కు ఉంచుకోలేనంటే, బాడుగ ముగించే దారి చట్టంలో వేరే ఉంది. అప్పుడు ఈ కాగితాలన్నీ పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్లండి.

ఒప్పుకుంటే మాత్రం కొత్త అగ్రిమెంట్ వాయిదా వేయకండి. పాతదాన్ని జిరాక్స్ తీసి తేదీ మార్చడం కాదు. 2021లో రాసినదాంట్లో 'చిత్తూరు జిల్లా, తిరుపతి' అని ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది తిరుపతి జిల్లా, ఆ లైను సరిచేయించండి. 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అంటుంటారు. మన రాష్ట్రంలో 1999 సవరణ తర్వాత గడువు ఎంతైనా లీజు రిజిస్టర్ చేయించాల్సిందే. జనం చేయించరు, అది వేరే సంగతి. చేయించుకుంటే రేపు ఎక్కడైనా చూపించడానికి గట్టిగా ఉంటుంది.

కొత్తదాంట్లో బాడుగ ఏ నెలది ఏ తేదీలోపు ఇవ్వాలో ఇందాకటిలాగే రాయించండి. దాని కిందే 'ఇరుపక్షాలు కొనసాగదలచినచో ప్రతి సంవత్సరం జూన్ 1 నుంచి బాడుగ 5 శాతం పెరుగును' అని ఒక లైను పెట్టించండి. 9,500 మీద వచ్చే జూన్‌కు అది 475 అవుతుంది. అప్పుడు లెటర్ అవసరం ఉండదు, మే నెలలో ఒక మెసేజ్ చాలు.